డాబా మీద నిలిచిన నీళ్ళు

సుబ్బులుగారి గురించి ఎవరైనా అడిగితే ఇదివరకు నేను ఆవిడ కలిపే పప్పన్నం గురించి చెప్పేదాన్ని. ఇప్పుడు అందరూ అడిగేది పోయిన నవంబరు సంగతే. ఆవిడకు మతి చలించిందని ఒకరు, ఆ ఇంట్లో దయ్యం ఉందని ఇంకొకరు, సగం విని సగం కల్పించి ఇండియన్ షాపుల్లో కూరగాయలు ఏరుకుంటూ చెప్పుకుంటున్నారు. వినీ వినీ నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు అక్కడ ఉన్నది నేను. వాళ్ళెవరూ కాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. భయపడ్డ చోట భయపడ్డాననే చెబుతాను, అందులో నాకు నామోషీ ఏమీ లేదు.

ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డుకు రెండు వీధుల అవతల ఒక పాత ఇటుకల భవనం ఉంది. మూడంతస్తులు. చుట్టుపక్కల ఇళ్ళకున్నట్టు వాలు కప్పు కాదు దానికి, మన ఊళ్ళలోలాగా చదునైన డాబా, చుట్టూ మోకాలెత్తు పిట్టగోడ. వెనక ఒక మేపుల్ చెట్టు డాబాను దాటి పెరిగి, దాని మీదకే వంగి ఉంటుంది. పై అంతస్తులో సుబ్బులుగారి ఇల్లు. నా కూతురు వేదకు పదకొండో నెల వచ్చినప్పటి నుంచి, నాలుగేళ్ళు నిండిన ఇప్పటిదాకా, పగలంతా పెరిగింది ఆ ఇంట్లోనే.

సుబ్బులుగారిది ఒంగోలు. భర్త కృష్ణమూర్తిగారు అక్కడ ఐ.టి.ఐ. చదివి కరెంటు పని చేసేవారట. అన్నగారి స్పాన్సర్‌షిప్ మీద నడివయసులో ఇద్దరూ ఇక్కడికి వచ్చారు. ఆయనకు ఈ భవనం బాగోగులు చూసే పని దొరికింది. బల్బు పోయినా, సింకు నిండినా, మంచు పడ్డా ఆయనే. అలాంటి మనిషిని ఇక్కడ సూపర్ అంటారు. పంతొమ్మిదేళ్ళు ఆయనే ఆ భవనానికి సూపర్. పిల్లలు లేరు. ఆవిడ డ్రైవింగ్ నేర్చుకోలేదు, ఇంగ్లీషు అక్కరకు సరిపడా నేర్చుకున్నారు. ఊరివాళ్ళ పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని చూడడం మొదలుపెట్టారు. నలుగురికి మించి తీసుకోరు. నాకు చేతులు నాలుగే అనేవారు, ఆయన చేతులు కూడా లెక్కలో కలిపి.

పిల్లలు మధ్యాహ్నం పడుకునే గదిలో గోడలోకి కట్టిన అలమర ఒకటి ఉంది. దాని తలుపు చట్రం మీద ఆవిడ పెన్సిలుతో పిల్లల ఎత్తులు గీసి పేర్లు రాసేవారు. నలభై మూడు పేర్లు. మొదటి పేర్లవాళ్ళు ఇప్పుడు కాలేజీల్లో ఉన్నారు. పండగలకు వచ్చి కాళ్ళకు దండం పెట్టి, ఆ చట్రం దగ్గర నిలబడి ఫోటో తీసుకుని వెళ్తారు. ఎవరు వచ్చినా సరే, అన్నం తినకుండా గడప దాటనివ్వరు. "తినకపోతే నాకు పని లేనట్టుంటదమ్మా" అంటారు. చూడడానికి మెతక మనిషి. పిల్లవాడు అబద్ధమాడితే మాత్రం ఆ కళ్ళు చూడలేం. ఒకసారి నేను ఆఫీసులో మీటింగ్ అని చెప్పి సినిమాకి వెళ్ళాను. సాయంత్రం నా మొహం చూసి ఏమీ అనకుండా వేద సంచీ చేతికిచ్చారు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

కృష్ణమూర్తిగారు ఆగస్టులో పోయారు. గుండె. మెట్ల దగ్గర కూర్చుని బూట్లు విప్పుకుంటూ అలాగే ఒరిగిపోయారు. భవనం చూసే కంపెనీవాళ్ళు కొత్త సూపర్‌ని పెట్టలేదు. ఆఫీసు నుంచే చూసుకుంటామన్నారు. ఆఫీసు అంటే మానవ్ అనే కుర్రాడు, ఇరవై ఏడేళ్ళ వాడు, ఇక్కడే పుట్టిన తెలుగువాడు, పది భవనాలకు ఒక్కడే మేనేజరు. సుబ్బులుగారిని ఆ ఇంట్లోంచి కదపలేదు, అందుకు మెచ్చుకోవాలి. పదిహేను రోజులకే ఆవిడ మళ్ళీ పిల్లల్ని తీసుకున్నారు. ఖాళీగా ఉంటే పిచ్చెక్కుతుందన్నారు.

అక్టోబరు మొదట్లో పిల్లల గది సీలింగ్ మీద మరక కనబడింది. టీ ఒలికినట్టు, అంచు ముదురు రంగులో. వాన పడ్డప్పుడల్లా దాని చుట్టూ ఇంకో అంచు చేరేది. ఆవిడ ఊరుకున్నా నేను ఊరుకోను కదా. ఫోటోలు తీసి మానవ్‌కి పంపాను. వాడు వచ్చి, తలెత్తి చూసి, "ఆంటీ, పైపు క్లోజెట్‌లో ఉంది. అది ఇక్కడి నుంచి ఆరు అడుగులు దూరం. ఇది విండో లీక్ అయ్యుంటుంది" అన్నాడు. నిజమే, డాబా మీది నీళ్ళు దిగే ఇనప గొట్టం ఆ అలమరలోంచే కిందికి పోతుంది. గొట్టం దగ్గర గోడ పొడిగానే ఉంది. వాడు కిటికీకి సీలెంట్ వేయించాడు, మరక మీద రెండు కోట్లు తెల్లరంగు కొట్టించాడు. డాబా ఎక్కి చూశావా అని అడిగితే, "రూఫ్ కొత్తది ఆంటీ, మూడేళ్ళే అయ్యింది" అన్నాడు.

నన్ను కూడా ఆంటీ అంటాడు. నాకు ముప్పై ఆరు.

రంగు కొట్టాక మరక పోయింది. చప్పుళ్ళు మొదలయ్యాయి.

వాటి సంగతి మొదట చెప్పింది వేద. కారులో వెనక కూర్చుని చిప్స్ తింటూ మామూలుగా అంది, "మమ్మీ, తాత మళ్ళీ వాక్ చేస్తున్నాడు."

"ఏ తాత?"

"అమ్మమ్మ వాళ్ళ తాత. పైన. తాత ఫీట్ తడి."

వేదకు అమ్మమ్మ అంటే సుబ్బులుగారు, తాత అంటే పోయిన కృష్ణమూర్తిగారు. పిల్లలు ఏవేవో అంటారని సర్దిచెప్పుకున్నాను. కానీ మర్నాడు సుబ్బులుగారిని అడిగితే ఆవిడ కాదనలేదు. మాట మార్చి, వేద గోళ్ళు కత్తిరించాలన్నారు. ఆవిడ అబద్ధమాడరు. మాట మార్చారంటేనే నాకు అర్థం కావాలి.

ఆ వారంలో ఒక రోజు లంచ్ టైములో చెప్పకుండా వెళ్ళాను. వాన పడి మూడు రోజులైంది. బయట కళ్ళు చెదిరే ఎండ. గదిలో తెరలు దించి ఉన్నాయి. నలుగురు పిల్లలూ చిన్న మంచాల మీద నిద్రపోతున్నారు. సుబ్బులుగారు మూల కుర్చీలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నారు. నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టుకున్నారు. నేను గుమ్మం దగ్గర చతికిలబడ్డాను.

టప్.

కిటికీ వైపు నుంచి వచ్చింది. కాసేపాగి ఇంకోటి, కొంచెం ఇవతల. తర్వాత ఇంకోటి. తొందర లేకుండా, కాలు నొప్పి ఉన్న మనిషి ఆగి ఆగి నడుస్తున్నట్టు, సీలింగ్ మీద ఆ చప్పుడు కిటికీ దగ్గర నుంచి అలమర దాకా వచ్చింది. పైన ఇల్లు లేదు. ఆకాశం ఉంది. అలమర దగ్గరికి రాగానే అడుగులు ఆగిపోయాయి. ఆ మూసిన తలుపు వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. గర్‌ర్‌ర్ అని రెండుసార్లు. కృష్ణమూర్తిగారు గదిలోకి వచ్చే ముందు అలాగే గొంతు సవరించుకునేవారు. పిల్లలు ఉలిక్కిపడకుండా తను వస్తున్నట్టు తెలియాలని.

భయమేసి గుమ్మం పట్టుకుని లేవబోయాను. సుబ్బులుగారు చిక్కుడుకాయ ఈనె తీస్తూ నవ్వారు.

"బయపడమాకు శశీ. ఆయనే."

కిటికీ పక్కన నేల మీద ఇత్తడి గిన్నె పెట్టి ఉంది. కొత్త రంగు అంచున చిన్న చీలిక నుంచి అందులోకి ఒక చుక్క పడింది. గిన్నె సగం నిండింది. నీళ్ళు కషాయం రంగులో ఉన్నాయి. ఆవిడ లేచి గిన్నె రెండు చేతులా పట్టుకుని వంటింటి కిటికీలో ఉన్న తులసి కుండీలో పోశారు. సింకులో పోయలేదు.

"మనం వాళ్ళకి నీళ్ళు వదలాల," అన్నారు నెమ్మదిగా. "ఆయనకి నేను తప్ప వదిలేవాళ్ళు లేరని దిగులుపడేదాన్ని. ఈయనేమో నాకే పంపిస్తన్నారు."

ఇది లీకు ఆంటీ, అని చెప్పాలి. చెప్పాను కూడా. కానీ నా గొంతు నాకే నమ్మకంగా వినబడలేదు. ఎండ కాస్తుంటే వాన నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి? ఆవిడ అదే అడిగారు. "మానవ్‌కి చెప్పమాకు," అన్నారు. "ఆ పిల్లోడొచ్చి మూసేస్తాడు. నాకు ఈ మాత్రం వినపడితే చాలు."

నేను రోజూ సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే పని చేస్తాను. తప్పు కళ్ళెదుట పెట్టుకుని ఎప్పుడూ వదల్లేదు. ఆ రోజు వదిలేశాను. పిల్లల నెత్తి మీద ఏదో ఉందని తెలిసి, అక్కడే నా కూతుర్ని ఇంకో వారం పడుకోబెట్టాను. మానవ్‌కి మెయిలయితే పెట్టాను, కానీ అడుగుల సంగతి రాయకుండా, మరక మళ్ళీ వస్తోందని ఒక్క ముక్క రాశాను. వచ్చే వారం మనిషిని పంపిస్తానని జవాబు వచ్చింది. దాన్ని పట్టుకుని మనసుకి సమాధానం చెప్పుకున్నాను. ఆవిడకు ఆయన్ని రెండోసారి దూరం చేసే పని నా చేతుల మీదుగా జరగకూడదనుకున్నాను. నా మంచితనం అంటే ఇదీ. తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

గురువారం తెల్లవారకముందే వాన మొదలైంది. గాలితో కూడిన వాన, సముద్రం మీద నుంచి వచ్చేది, రోజంతా వదలదు. ఎనిమిదింటికి వేదను దింపి ఇంటికొచ్చి పని చూసుకుంటున్నాను. పదకొండున్నరకు ఫోన్ మోగింది. సుబ్బులుగారు. పని వేళల్లో ఆవిడ ఎప్పుడూ ఫోన్ చెయ్యరు.

"శశీ, ఆయన ఆగిపోయారు."

"ఏంటి ఆంటీ?"

"ఇంత వాన పడతంది. ఒక్క అడుగు లేదు. గిన్నెలో ఒక్క చుక్క లేదు. గొంతు కూడా లేదు. వానొస్తే ఇంట్లో కూకునే మనిషి కాదమ్మా ఆయన. పంతొమ్మిదేళ్ళలో ఒక్కనాడు కూకోలేదు. నువ్వు రా."

ఆరు నిమిషాల దారి. ఎలా నడిపానో తెలియదు. వెళ్ళేసరికి నాలుగు మంచాలూ హాల్లో ఉన్నాయి. ఆవిడ ఒక్కరే ఈడ్చుకొచ్చారు. పిల్లలు వాటి మీద ఎక్కి గెంతుతున్నారు. ఎందుకు మార్చారని అడిగాను. "ఆయన మాట్టాడకపోతే ఆ గదిలో నాకు బాగలేదు," అన్నారు.

గది తలుపు తీశాను. సీలింగ్ కిందికి దిగి ఉంది. మానవ్ కొట్టించిన తెల్లరంగు చిరగకుండా సాగి, నీళ్ళు నింపిన పాలిథిన్ సంచిలా వేలాడుతోంది. దాని వెనక ఉన్న, సున్నపు అట్టలాంటి డ్రైవాల్ బోర్డు కూడా నాని వంగింది. ఇన్నాళ్ళూ కారిన చీలిక రంగు సాగి మూసుకుపోయింది. వచ్చిన నీళ్ళన్నీ అక్కడే ఆగాయి, అందుకే ఆ నిశ్శబ్దం. ఆ సంచి సరిగ్గా వేద మంచం ఉండే చోటు పైన ఉంది. నేల మీద మంచం కోళ్ళ గుర్తులు ఇంకా కనబడుతున్నాయి.

మానవ్‌కి ఫోన్ చేసి ఏమేం తిట్టానో గుర్తులేదు. పావుగంటలో వచ్చాడు. వచ్చీ రాగానే ఆ గది కరెంటు బ్రేకరు ఆఫ్ చేశాడు. బకెట్ కింద పెట్టి, స్క్రూడ్రైవర్‌తో అంచున చిన్న కన్నం పెట్టి నీళ్ళు వదిలేద్దామన్నాడు. గుమ్మంలో అడుగు పెట్టాడో లేదో, బోర్డు ఊడి పడింది. నల్లటి నీళ్ళు, చలికి అడ్డుగా కప్పులో కూరిన దూది తడిసి, సున్నం ముద్దలు, అన్నీ కలిసి ఒక్కసారి నేలను కొట్టాయి. కుళ్ళిన ఆకుల వాసన గుప్పున వచ్చింది. ఒక మనిషంత బరువు పడ్డ చప్పుడు. హాల్లో పిల్లలు గెంతడం మానేశారు.

సుబ్బులుగారు ఆ గుట్ట వైపు చూస్తూ ఉండిపోయారు. ఆ నీళ్ళ కింద వేద ఉండాల్సింది. ఆ ముక్క మా ఇద్దరికీ ఒకేసారి తట్టింది. నేను గోడకు ఆనుకుని ఏడ్చేశాను.

పైన కన్నంలోంచి ఇంకా నీళ్ళు పడుతూనే ఉన్నాయి. పిల్లల్ని అన్నిటికంటే కింది అంతస్తులో ఉండే గుజరాతీ ఆవిడకు అప్పగించి వచ్చాం. మానవ్ డాబా తలుపుకు తన తాళంచెవులన్నీ పెట్టి చూశాడు. ఏదీ పట్టలేదు. ఆ తాళం కృష్ణమూర్తిగారు ఎప్పుడో మార్చారు. సుబ్బులుగారు అలమర తీసి, అక్కడ వేలాడుతున్న ఆయన ఖాకీ చొక్కా జేబులో చెయ్యి పెట్టారు. ఆగస్టు నుంచి ఆ చొక్కాను ఆవిడ ముట్టుకోలేదని నాకు తెలుసు. తాళంచెవి తీసి మానవ్‌కి ఇవ్వలేదు. తనే మెట్లెక్కారు.

తలుపు తీసేసరికి ఎదురుగా చెరువు. ఈ మూల నుంచి ఆ మూల దాకా నీళ్ళు, పిట్టగోడ అడుగు భాగం మునిగి, పైన మేపుల్ ఆకులు నల్లగా కుళ్ళి తేలుతూ. వాన చినుకులకు ఆ చెరువంతా వణుకుతోంది. కొమ్మల నీడలు అందులో పడి, ఎవరో అడుగున పడుకుని పైకి చూస్తున్నట్టు ఉంది. నేను ఒకడుగు వెనక్కి వేశాను.

"ఆంటీ, వెళ్ళకండి!" అన్నాడు మానవ్. వాడి గొంతు కీచుమంది. "అయిదంగుళాల వాటర్ ఉంది. మొత్తం కలిపితే ఏడు టన్నులు ఉంటుంది. రూఫర్స్‌కి కాల్ చేశాను, టూ అవర్స్‌లో వస్తారు. ఇట్స్ నాట్ సేఫ్."

వాడు చెప్పింది నిజం. నేనూ ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ విడిపించుకున్నారు. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, చెప్పులు తలుపు దగ్గర విడిచి, ఆ చల్లటి నీళ్ళలో దిగారు. పంతొమ్మిదేళ్ళలో ఆవిడ ఒక్కసారి కూడా ఆ డాబా ఎక్కలేదు. అయినా అటూ ఇటూ చూడలేదు, వెతకలేదు. గోడ వెంట వెళ్ళి, తిరిగి, చీలమండలు మునిగే నీళ్ళలో ఒక చోట ఆగారు. అక్కడ ఏమీ కనబడడం లేదు, ఆకులు తప్ప.

ఆ చోటు ఎలా తెలిసిందని అడుగుతూ నేనూ నీళ్ళలో దిగాను. నేను దగ్గరికి వెళ్ళాక చెప్పారు. "వానొచ్చినప్పుడల్లా ఆయన నడక కింద నుంచి వినేదాన్నిగా. తలుపు కాడి నించి గోడ వారే వచ్చి, అలమర మీద ఆగేవోరు. కాసేపు అక్కడ ఉండి మళ్ళీ వచ్చేవోరు. తడిసొస్తే తువ్వాలు ఇచ్చేదాన్ని. ఏం చేస్తారో ఎప్పుడూ అడగలా."

ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ నీళ్ళలో పెట్టారు. కుళ్ళిన ఆకులు దోసెడు దోసెడు తీసి పక్కకు వేశారు. నేనూ తీశాను. వేళ్ళు కొంకర్లు పోయాయి. ఆకుల కింద బురద, బురద కింద గుడ్డ తగిలింది. తూము మూతి మీద ఎవరో గుడ్డ కట్టారు. మందంగా, మడత మీద మడత, చుట్టూ తాడుతో మూడు ముళ్ళు. మురికి తుడిస్తే నీలం గళ్ళు బయటపడ్డాయి.

"ఇది నా చీర," అన్నారు సుబ్బులుగారు.

ఏటా ఆకులు రాలే రోజుల్లో ఆయన ఒక పాత నూలు చీర ముక్క అడిగేవారట. చేతులు తుడుచుకోవడానికని ఆవిడ అనుకున్నారు. ఒంగోలులో ఆవిడ ఇంటి కుళాయికి మట్టి రాకుండా గుడ్డ కట్టేవారు. మన ఇళ్ళలో ఎవరు కట్టరు? తూము మీద ఉండాల్సిన ఇనప జాలీ విరిగిపోతే, ఆకులు గొట్టంలోకి దిగకుండా ఆయన అదే పని చేశారు. వాన పడినప్పుడల్లా ఎక్కి, ఆకులు తీసి, గుడ్డ ఉతికి మళ్ళీ కట్టేవారు. ఆ మనిషి ఉన్నంతకాలం అది జాలీ. ఆయన పోయాక అది బిరడా. ఆయన చేసింది తప్పే. కొత్త జాలీ కావాలని ఆఫీసుకు మూడుసార్లు రాశారని తర్వాత మానవే పాత మెయిళ్ళు వెతికి ఒప్పుకున్నాడు. కప్పు కొత్తగా వేసినవాళ్ళు, తూము నిండితే నీళ్ళు బయటికి పోవడానికి పిట్టగోడకున్న రెండో కన్నాన్ని తారుతో మూసేశారు. అది కూడా అప్పుడే బయటపడింది. నీళ్ళు పారిపోయినంతకాలం ఆ కప్పు బాగానే ఉంది. నెలన్నర నిలిచేసరికి గోడ వార ఒక అతుకులోంచి దిగి, లోపల దూలం వెంట నడిచి, ఎండలోనూ వానలోనూ ఒక్కొక్క చుక్కే బోర్డు మీద రాలుతూ వచ్చాయి. గొట్టంలోకి గుడ్డ సందుల్లోంచి ఊరే నీటికి గాలి అడ్డుపడి ఆ గరగర, ఆకులు గుడ్డను పూర్తిగా మూసేశాక అదీ ఆగిపోయింది. మానవ్ తర్వాత బొమ్మ గీసి మరీ చెప్పాడు. అంతా సరిగ్గానే ఉంది. అప్పుడు మాత్రం ఆ డాబా మీద ఆ ముళ్ళు చూస్తూ ఉంటే, ఎవరూ చెప్పకుండానే మా ఇద్దరికీ తెలిసిపోయింది, నడిచింది ఎవరో.

సుబ్బులుగారు మొదటి ముడి విప్పారు. రెండోది విప్పారు. మూడో దాని మీద వేళ్ళు పెట్టి ఆగిపోయారు.

"తీసేయండి ఆంటీ, ప్లీజ్," అన్నాడు మానవ్ తలుపు దగ్గర నుంచి. కాళ్ళ కింద కప్పు ఎక్కడో కిర్రుమంది. అది నేను విన్నాను. ఆవిడా విన్నారు.

"ఇది ఇప్పితే ఇంక రారుగా శశీ?"

ముఖమంతా వాన. అందులో కన్నీళ్ళు ఏవో చెప్పలేను. వస్తారు ఆంటీ, ఏదో ఒక రూపంలో, అని ఎవరైనా అంటారు. నాకూ నోటి చివరి దాకా వచ్చింది. ఈవిడ దగ్గర నేను ఒకసారి అబద్ధమాడి చూశాను.

"రారు ఆంటీ," అన్నాను.

ఆవిడ తల ఊపారు. ఆ తడి గుడ్డ మీద చెయ్యి వేసి, జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు నిమిరినట్టు ఒకసారి నిమిరారు. తర్వాత వంగి, పిల్లలకు చెప్పేంత మెల్లగా చెప్పారు.

"ఇంక ఎల్లండి. కింద పిల్లలు పడుకుంటారు."

ముడి ఊడింది. గుడ్డ ఆవిడ చేతిలోకి వచ్చింది. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత నీళ్ళలో చిన్న సుడి పుట్టింది, పెరిగింది, ఆకులన్నీ దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి. కాళ్ళ కింద గొట్టం ఒక్కసారి గట్టిగా గొంతు విప్పింది. నీళ్ళు దిగుతున్నాయి. మానవ్ కూడా తలుపు దగ్గర నుంచి వచ్చాడు, తూములోకి ఆకులు పోకుండా ఇద్దరం రెండు వైపులా నిలబడి చేతులతో తోసేస్తూ ఉన్నాం. సుబ్బులుగారు ఆ గుడ్డను పిండుతూ అక్కడే కూర్చున్నారు. పిట్టగోడ మీద తడి గీత కిందికి, ఇంకా కిందికి దిగింది. నల్లటి కప్పు బయటపడే వరకు ఆవిడ లేవలేదు.

కిందికి వచ్చేసరికి గుజరాతీ ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. మొహం పాలిపోయి ఉంది. గోడ లోపల ఎవరో పై నుంచి మూడంతస్తులూ దబదబా దిగి, తన వంటింటి వెనక నుంచి బయటికి వెళ్ళిపోయినట్టు వినిపించిందట. ముగ్గురు పిల్లలు బెదిరి ఆవిడను పట్టుకున్నారట. వేద మాత్రం లేచి వెళ్ళి, ఆ గోడకు చెయ్యి ఊపిందట.